ఫ్లాట్ యజమానుల సంఘం – మెయింటెనెన్స్ వివాదాలు

నూజివీడు వంటి మామిడి పట్టణంలో కట్టే చిన్న అపార్ట్‌మెంట్‌కూ, పెద్ద నగరాల్లోని బహుళ అంతస్తుల భవనానికీ ఒకే చట్టం వర్తిస్తుంది: ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం, 1987. మెయింటెనెన్స్ గొడవ చాలావరకు లెక్క కట్టే పద్ధతి దగ్గర మొదలవుతుంది. పది ఫ్లాట్లున్నాయనుకుందాం, ఎనిమిది వెయ్యి అడుగులవి, రెండు పదిహేను వందలవి. నెల ఖర్చు 22,000 రూపాయలు. సమానంగా పంచితే తలా 2,200. అడుగుల లెక్కన చిన్న ఫ్లాటుకు 2,000, పెద్దదానికి 3,000. ఏది సరైనదో తేల్చేది కమిటీ ఇష్టం కాదు, రిజిస్టరైన బైలా. అందుకే మొదట అడగవలసింది బైలా నకలు, లెక్క పద్ధతిపై తీర్మానం చేసిన సమావేశపు మినిట్స్.

లెక్కలు చూపనివారికి డబ్బెందుకు కట్టాలని కొందరు వాదిస్తారు. ఆ కోపం న్యాయమైనదే, కానీ కట్టడం మానేస్తే లిఫ్టు, నీటి మోటారు బిల్లుల భారం ఇరుగుపొరుగుపై పడుతుంది. పైగా చాలా బైలాల్లో బకాయిదారుకు ఓటుండదు. కమిటీని మార్చగల సాధనమే చేజారుతుంది. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలిపి, డబ్బు కట్టి రసీదు తీసుకోవడం మేలు. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైతే, 23వ సెక్షన్ ప్రకారం ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. రిజిస్ట్రార్ సంఘాన్ని నమోదు చేస్తారు గాని, సభ్యుల తగాదా తీర్చే న్యాయమూర్తి కారు.