కంటి థియేటర్‌లో మూడు మజిలీలు

1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ ఒక మహిళ కంట్లోంచి శుక్లం తీసి, దాని చోట ప్లాస్టిక్ లెన్సు పెట్టే ప్రయోగం మొదలుపెట్టాడు. మనిషి కంట్లో కృత్రిమ లెన్సు పెట్టిన చరిత్ర అక్కడి నుంచే లెక్క. లెన్సు కంట్లో నిలిచింది కానీ దాని పవరు లెక్క తప్పింది. ఆమెకు ఆ తర్వాత చాలా ఎక్కువ మైనస్ అద్దాలు అవసరమయ్యాయి. కంటి థియేటర్‌లో తప్పు లెన్సు సమస్య లెన్సుతో పాటే పుట్టిందన్నమాట.

మన ఊళ్లలో ఆ సమస్య చాలా ఆలస్యంగా వచ్చింది. బడుల్లో, సత్రాల్లో కంటి శిబిరాలు పెట్టిన రోజుల్లో శుక్లం తీసేసి, కట్టు విప్పాక సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చి పంపేవారు. అందరివీ దాదాపు ప్లస్ పది చుట్టుపక్కలే. కుడి ఎడమలు తారుమారయ్యే ప్రమాదం అప్పుడూ ఉంది గానీ, లెన్సే లేనప్పుడు ఒకరి లెన్సు మరొకరికి పడే ప్రసక్తి లేదు. 1992లో మదురైలో ఆరోల్యాబ్ మొదలై లెన్సు ధరను బాగా కిందికి దించింది. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ప్రాజెక్టు మొదలైంది. ఆపరేషన్లు శిబిరం నుంచి ఆసుపత్రికి మారాయి, లెన్సు మామూలైపోయింది. కోత చిన్నదయ్యేకొద్దీ పడక అవసరం కూడా పోయింది. పొద్దున వచ్చిన పెద్దావిడ మధ్యాహ్నానికి కంటికి మూతతో ఇంటికి వెళ్లిపోతుంది. రెండు గదులు, ఒక టేబులు, ఒక సర్జన్, ఇద్దరు ముగ్గురు సిస్టర్లు ఉంటే డే-కేర్ కంటి థియేటర్ నడుస్తుంది. ఒక ఉదయం పది పదిహేను కేసులు. ఒక్కొక్కరిదీ ఒక్కో పవరు.

ఆ పవరు ఎంత సున్నితమైనదో ఒక పాత సూత్రం చూస్తే తెలుస్తుంది. 1980లో వచ్చిన ఎస్‌ఆర్‌కే సూత్రం ఇది:

P = A − 2.5L − 0.9K

P మనకు కావలసిన లెన్సు పవరు. A లెన్సు రకాన్ని బట్టి వచ్చే అంకె. L కంటి పొడవు మిల్లీమీటర్లలో, K కార్నియా వంపు డయాప్టర్లలో. A 118.4, కంటి పొడవు 23.5, వంపు 44 అయితే లెన్సు సుమారు 20. ఇప్పుడు ఇంతకన్నా మెరుగైన సూత్రాలు వాడుతున్నారు కానీ విషయం అర్థం కావడానికి ఇది చాలు. పొడవు ఒక్క మిల్లీమీటరు తక్కువైతే లెన్సు 22.5కి చేరుతుంది. 22.5 పెట్టాల్సిన కంట్లో పొరపాటున 20 పెడితే, ఆ మనిషికి ఒకటిన్నర నుంచి రెండు డయాప్టర్ల ప్లస్ అద్దాలు మిగులుతాయి. దూరమూ మసక, దగ్గరా మసక. ఆపరేషన్ చేసిన చేయి ఎంత నేర్పుగలదైనా ఈ తప్పు ముందు అది లెక్కలోకి రాదు.

ఆపరేషన్‌కు ముందు ఒక్క క్షణం ఆగి సరిచూసుకోవాలన్న ఆలోచన కంటి డాక్టర్ల నుంచి రాలేదు, ఎముకల డాక్టర్ల నుంచి వచ్చింది. తప్పు మోకాలికి, తప్పు కాలికి ఆపరేషన్లు జరిగాయన్న వార్తలతో కలత చెంది, 1994లో కెనడా ఆర్థోపెడిక్ సంఘం ఆపరేషన్ చేసే చోట సర్జన్ తన పొడి అక్షరాలు రాయాలని కోరింది. 1998లో అమెరికా సంఘం అదే మాట చెప్పింది. 2004 జులై నుంచి అమెరికాలోని గుర్తింపు పొందిన ఆసుపత్రులన్నింటికీ ఒక నియమం వచ్చింది: ముందుగా వివరాలు సరిచూడాలి, చోటు గుర్తించాలి, కోతకు ముందు టైమ్-అవుట్ తీసుకోవాలి.

ఆ ఒక్క విరామాన్ని మూడు మజిలీలుగా చేసింది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అతుల్ గవాండే నాయకత్వంలోని బృందం విమానాల చెక్‌లిస్టులు తయారుచేసేవారి దగ్గరికి వెళ్లి నేర్చుకుంది. ఆ చెక్‌లిస్టుల పుట్టుక 1935 నాటిది. ఆ అక్టోబరులో ఓహియోలో బోయింగ్ మోడల్ 299 విమానం పైకి లేచి వెంటనే కూలిపోయింది. నేలమీద నిలిపినప్పుడు తోక దగ్గరి కదిలే పలకలను బిగించే తాళాన్ని తీయడం అనుభవజ్ఞులైన పైలట్లే మరిచిపోయారు. 2008 జూన్‌లో విడుదలైన ఆరోగ్య సంస్థ కాగితంలో 19 అంశాలున్నాయి. మత్తుకు ముందు సైన్-ఇన్, కోతకు ముందు టైమ్-అవుట్, రోగి థియేటర్ వదిలే ముందు సైన్-అవుట్. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్‌తో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించారు. 2009 జనవరిలో వెలువడిన ఫలితాల్లో ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు 11 శాతం నుంచి 7కి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి.

ఆ కాగితాన్ని తెచ్చి కంటి థియేటర్ గోడకు అంటిస్తే ఏమవుతుంది? అర లీటరుకు మించి రక్తం పోతుందా అని అడుగుతుంది. శుక్లం ఆపరేషన్‌లో పోయే రక్తం చుక్కల్లో ఉంటుంది. కోసి తీసిన ముక్కకు లేబుల్ వేశారా అంటుంది. ఇక్కడ ల్యాబుకు పంపే ముక్కేదీ ఉండదు. లెన్సు గురించి మాత్రం ఒక్క మాటా లేదు. అవసరం లేని ప్రశ్నలు రోజూ పదిహేనుసార్లు చదివే సిస్టర్ వారం తిరక్కుండా చదవడం మానేసి టిక్కులు పెట్టడం మొదలుపెడుతుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. స్థానిక అవసరాలకు తగ్గట్టు మార్చుకోండని ఆ కాగితం అడుగునే రాసి ఉంది. 2010లో ఇంగ్లండ్‌లో రోగుల భద్రతా సంస్థ, అక్కడి రాయల్ కాలేజీ కంటి డాక్టర్లు కలిసి శుక్లాల ఆపరేషన్ కోసమే వేరే కాగితం తయారుచేశారు. బయోమెట్రీ, లెన్సు రకం, పవరు అందులోకి వచ్చాయి. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ కూడా వచ్చింది. ఆ మాత్ర వేసుకునేవారి కనుపాప ఆపరేషన్ మధ్యలో పట్టు వదిలేస్తుంది కాబట్టి సర్జన్‌కు ముందే తెలియాలి.

చిన్న థియేటర్‌లో ఈ మూడు మజిలీలు ఎలా నడవాలో నా ఆలోచన చెబుతాను. సైన్-ఇన్ టేబులు మీద కాదు, బ్లాక్ ఇచ్చే గదిలో జరగాలి. కంటి పక్కన మత్తు సూది పడిందంటే ఆ కన్ను ఎంపిక అయిపోయినట్టే. పేరు అడిగే తీరులోనే సగం పని ఉంది. "మీరు వెంకటలక్ష్మి గారేనా?" అంటే చెవులు సరిగా వినపడని పెద్దావిడ తల ఊపేస్తుంది. "అమ్మా, ఇంటిపేరుతో సహా మీ పేరు చెప్పండి. ఏ కంటికమ్మా ఆపరేషన్?" అని అడగాలి. ఆమె చెప్పిన జవాబును కేసు షీటుతోనూ, కనుబొమ్మ పైన పొద్దున్నే మార్కరుతో పెట్టిన గుర్తుతోనూ పోల్చాలి. ఆమె చేత్తో చూపించిన వైపును మాత్రమే నమ్మకూడదు. ఎదురుగా నిలబడ్డవారికి కుడి ఎడమలు తిరగబడతాయి. మందులు పడకపోవడం, రక్తం పలచబరిచే మాత్రలు, టామ్సులోసిన్ ఇక్కడే అడగాలి. వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలించాకే సూది. థియేటర్ చిన్నదని దీన్ని మాత్రం తీసేయకూడదు. పూర్తి సమయం ఉండే మత్తు డాక్టరు లేని చోట దాని అవసరం ఇంకా ఎక్కువ.

టైమ్-అవుట్ దగ్గర అసలు ప్రమాదం ఎలా దూరుతుందో ఒక కేసు ఊహించుకుందాం. లిస్టులో మూడో పేరు వెంకటలక్ష్మి, కుడి కన్ను, 20. నాలుగో పేరు వెంకటరమణమ్మ, ఆమెదీ కుడి కన్నే, 22.5. ఉదయాన్నే లెన్సు పెట్టెల్ని లిస్టు వరుసలో ట్రాలీ మీద పేర్చి ఉంచారు. వెంకటలక్ష్మికి బీపీ ఎక్కువగా ఉందని ఆపి, వెంకటరమణమ్మను ముందు తెచ్చారు. లిస్టు మారింది, పెట్టెల వరుస మారలేదు. ఫ్లోర్ నర్స్ వరుసలో మూడో పెట్టె అందుకుంది. ఆమె పెట్టె మీది 20 చదివి, సర్జన్ మైక్రోస్కోపు నుంచి తలెత్తకుండా "ఓకే" అంటే టైమ్-అవుట్ జరిగినట్టు కాగితంలో ఉంటుంది, తప్పు లెన్సు కంట్లో ఉంటుంది. అందుకే అంకెను ఇద్దరు రెండు వేర్వేరు చోట్ల నుంచి చదవాలి. సర్జన్ బయోమెట్రీ ప్రింటు చూసి పేరు, కన్ను, లెన్సు మోడలు, పవరు చెప్పాలి. సిస్టర్ పెట్టె చూసి మోడలు, పవరు చెప్పాలి. కేసు షీటులోకి చేత్తో ఎక్కించిన అంకెను ఇద్దరూ పక్కన పెట్టాలి. ఎక్కించేటప్పుడే తప్పు జరిగి ఉండొచ్చు. రెండు మాటలూ కలిసేదాకా పెట్టె సీలు విప్పకూడదు. పెట్టెల్ని ముందే పేర్చడం మానేసి, ఒక్క రోగి పెట్టెనే గదిలోకి తేవడం ఇంకా మంచిది.

ట్రాలీ మీది సిరంజీల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మత్తుమందు, యాంటీబయాటిక్, కంటిని కడిగే ద్రవం అన్నీ నీళ్లలాగే కనిపిస్తాయి. సిరంజిలోకి ఎక్కించిన చేతులే ఆ క్షణమే లేబుల్ అతికించాలి. లెన్సు పైపొరకు రంగు వేసే ట్రైపాన్ బ్లూ బదులు మిథిలీన్ బ్లూ వాడి కార్నియాను పోగొట్టిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రెండూ నీలమే.

ఇంత జాగ్రత్త తీసుకున్నా కాగితం ఒక్కటే సరిపోదని తర్వాతి ఏళ్లు చూపించాయి. 2014లో కెనడాలోని ఆంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు బయటికొచ్చాయి. చెక్‌లిస్టు తప్పనిసరి చేసిన తర్వాత మరణాలు 0.71 శాతం నుంచి 0.65కి మాత్రమే వచ్చాయి, గణాంకపరంగా అది తేడానే కాదు. ఇంగ్లండ్‌లో 2003 నుంచి 2010 దాకా తప్పు లెన్సు ఘటనలు 164 నమోదైతే, శుక్లాల కాగితం వచ్చాక 2010 నుంచి 2014 లోపే 178 నమోదయ్యాయి. రిపోర్టు చేసే అలవాటు పెరగడం కూడా అందుకు కారణం కావచ్చు. అయినా కాగితం ఉన్న గదుల్లోనే ఇవి జరిగాయి. బయోమెట్రీ దశలోనే తప్పు కొలత వస్తే థియేటర్‌లో ఎన్నిసార్లు చదివినా అదే తప్పు అంకె చదువుతారు. రెండు కళ్ల పవర్ల మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తే కొలత మళ్లీ తీయించాలి, ఆ పని ముందు రోజే జరగాలి.

చిన్న ఆసుపత్రికి మరో చిక్కు ఉంది. సర్జన్ గారే యజమాని, జీతమిచ్చేదీ ఆయనే. ఆగండి సార్ అనాల్సింది ఆ జీతం తీసుకునే సిస్టర్. గవాండే తన పుస్తకంలో రాసిన ఒక పిల్లల ఆసుపత్రి పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. కత్తి మీద చిన్న లోహపు గుడారం లాంటిది బోర్లించి పెడతారు. చెక్‌లిస్టు అయ్యాకే నర్సు దాన్ని తీస్తుంది. ఆమె నోరు తెరిచి అభ్యంతరం చెప్పనక్కర్లేదు, తీయకుండా ఉంటే చాలు. కంటి థియేటర్‌లో ఆ పని సీలు విప్పని లెన్సు పెట్టెకు అప్పగించవచ్చు. పెట్టె ఆమె చేతిలో ఉన్నంతసేపు ఆపే అధికారం ఆమెదే.

మూడింటిలో ఎక్కువగా ఎగిరిపోయేది సైన్-అవుట్. కంటి మీద మూత పడగానే పక్క గదిలో తర్వాతి రోగి సిద్ధంగా ఉంటారు. అందుకని డ్రేపు తీయకముందే అది పూర్తవాలి. చేసిన ఆపరేషన్ పేరు, కన్ను పైకి చెప్పాలి. సూదులు, పరికరాల లెక్క చూడాలి. పెట్టెలోని స్టిక్కర్ ఒకటి కేసు షీటులో, మరొకటి రోగి కార్డు మీద అతికించాలి. ఆ రోజు మొరాయించిన పరికరం పేరు రాసుకోవాలి. లేకపోతే అదే మొండి కత్తెర రేపు మళ్లీ ట్రేలోకి వస్తుంది. డే-కేర్ కాబట్టి వెంట వచ్చిన మనిషి ఎవరో, ఆయన ఫోను నంబరు ఏదో, రేపు చూపించుకోవడానికి ఎన్నింటికి రావాలో కూడా ఇందులోనే ఉండాలి. కన్ను ఎర్రబడి నొప్పి పెరిగినా, చూపు తగ్గినా రాత్రయినా ఫోను చేయమని కొడుక్కో కోడలికో చెప్పాలి. కంట్లో చీము పట్టడం సాధారణంగా మొదటి వారంలోనే బయటపడుతుంది, దానికి గంటలు లెక్క. ఇవన్నీ రాసి సంతకం పడ్డాకే తర్వాతి పేరు లెన్సు పెట్టె గదిలోకి రావాలి.