బిళ్ళ పక్కన పెట్టి తీసిన ఫొటో

2011 వరసలో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, అయిదు రూపాయలది 23. తర్వాత 2019 వరస వచ్చింది. అందులో రెండు రూపాయలది 23, అయిదుది 25. రెండూ కుర్చీలు మార్చుకున్నాయన్నమాట! ఈ సంగతి తెలిసిన రోజు ఇంట్లో చిల్లర డబ్బా బోర్లించి, స్కేలు పట్టుకుని కూర్చున్నాను. పాత ఇత్తడి సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు సైజు తెలియడానికి పక్కన బిళ్ళ పెట్టి ఫొటో తీస్తారు కదా. ఆ బిళ్ళ ఏ ఏడాదిదో కనిపించకపోతే కొలత ఎటు పోతుంది?

వస్తువు పక్కన తెలిసిన కొలతను నిలబెట్టడం ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తల్లోనే మొదలైంది. నాకు ఇష్టమైన కాలం అదే. ఫ్రెంచివాడు మాక్సిమ్ దు కాం 1849లో ఈజిప్టు వెళ్లాడు. నవలాకారుడు ఫ్లొబేర్ ఆయనకు తోడు. గుళ్లూ, శిల్పాలూ ఫొటో తీస్తుంటే ఒక చిక్కు వచ్చింది. ఇసుకలో కూరుకుపోయిన రాతి విగ్రహం ఆరడుగులదో అరవై అడుగులదో బొమ్మ చూసి చెప్పలేం. అందుకని తమ పడవలో పనిచేసే హాజీ ఇస్మాయిల్ అనే నూబియా మనిషిని విగ్రహాల మీదికి ఎక్కించేవాడు. అబూ సింబెల్‌లో రామెసెస్ తల మీద చీమంత మనిషి కనిపించే ఫొటో ఉంది. దాన్ని చూస్తే ఆ తల ఎంతటిదో తెలిసి గుండె ఝల్లుమంటుంది.

ఆ రోజుల్లో కాగితపు నెగెటివ్ మీద బొమ్మ పడేదాకా మనిషి కదలకూడదు. హాజీ ఇస్మాయిల్ కదలకుండా ఉండటానికి దు కాం ఒక ఉపాయం పన్నాడు. కెమెరాకున్న ఇత్తడి గొట్టం ఫిరంగి అని, కదిలావో గుండ్ల వర్షం కురుస్తుందని బెదిరించాడు. పాపం, ఆయన నమ్మి బిగుసుకుపోయేవాడు. ఈ కథ మనకు దు కాం రాసుకున్న జ్ఞాపకాల్లోనే దొరుకుతుంది. దాన్ని ఆయన నవ్వుతూ చెప్పుకున్నాడు గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. 1852లో వచ్చిన ఆయన పుస్తకంలో 125 ఫొటోలున్నాయి. యూరప్ జనం ఈజిప్టు కట్టడాల ఎత్తును అంచనా వేసుకున్నది ఒక నావికుడి ఒంటితోనే. అయితే ఆయన ఎత్తెంతో ఫొటో చెప్పదు. కొలబద్దగా మనిషికున్న లోపం అదే.

ఆ లోపం పూడ్చినవాడు పారిస్ పోలీసుల దగ్గర పనిచేసిన అల్ఫోన్స్ బెర్తియాన్. ఎత్తైన స్టాండు మీద కెమెరా బిగించి, హత్య జరిగిన గదిని పైనుంచి తీయించి, అంచుల్లో కొలతలు అచ్చేసిన అట్ట మీద ఆ ఫొటో అంటించేవాడు. ఆ తర్వాత పురావస్తు తవ్వకాల్లో ఎరుపూ తెలుపూ పట్టీల కర్రలు, భూగర్భ శాస్త్రవేత్తల ఫొటోల్లో సుత్తులు, లెన్సు మూతలు వచ్చాయి. ఏమీ చేతిలో లేనివాడు జేబులో చెయ్యి పెట్టి బిళ్ళ తీశాడు.

మన దేశంలో ఒకప్పుడు బిళ్ళను అలా నమ్మొచ్చు. 1835 నుంచి వెండి రూపాయి 30 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పుతో, సరిగ్గా తులం బరువుతో వందేళ్లకు పైగా నడిచింది. దాన్ని తక్కెడలో వేసి తూచినా, అడ్డంగా పెట్టి కొలిచినా లెక్క తప్పేది కాదు. 1947లో నికెల్ రూపాయి వచ్చేసరికి 28కి దిగింది. 1980లలో 26, 1992లో 25, 2011లో 22, 2019లో 20. ధరలు పెరిగేకొద్దీ లోహం ఆదా చేయాలి, నిజమే. కానీ ఒక దేశమంతా జేబులో వేసుకు తిరిగిన కొలతను చడీచప్పుడు లేకుండా పోగొట్టుకున్నాం. ఇప్పుడు ఫొటోలో రూపాయి చూసి 1992 నాటిదనుకుంటే, అది 2019దైతే, పక్కనున్న వస్తువు మన లెక్కలో పాతిక శాతం పెరిగిపోతుంది. అందుకే ఏడాది అంకెలు పైకి కనబడేలా పెట్టాలి. అంకెల కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాల సరుకు.

ఈ గందరగోళంలో నిలకడగా ఉన్నది పది రూపాయల బిళ్ళ. డిజైన్లు ఎన్ని మారినా 27 మిల్లీమీటర్లు దాటలేదు, తగ్గలేదు. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించాల్సి వచ్చింది. దుకాణాల్లో చాలామంది దాన్ని పుచ్చుకునేవారు కాదు మరి. అంగట్లో చెల్లని బిళ్ళ కొలతకు దివ్యంగా చెల్లుతుంది.

అంతకన్నా గట్టిది బ్యాంకు కార్డు. 1985లో వచ్చిన 7810 నంబరు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దాని పొడవు 85.60, వెడల్పు 53.98 మిల్లీమీటర్లు. ఏ దేశం కార్డైనా అంతే. కొలత కోసమని దాన్ని ఎవరూ చేయలేదు, యంత్రాల్లో ఇరుక్కోకుండా దూరితే చాలనుకున్నారు. గడువు తీరిన కార్డు వాడుకోండి, నంబర్లున్న కార్డు ఫొటో ఊరికి పంచకూడదు. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి అంచు మధ్య నుంచి అంచు మధ్యకు కొలవాలి.

ఒక ఇత్తడి కుంకుమ భరిణె సంగతి చూద్దాం. బల్ల మీద కార్డు, పక్కన భరిణె, సరిగ్గా 30 సెంటీమీటర్ల ఎత్తున ఫోను. ఫొటోలో కార్డు పొడవు 1070 పిక్సెళ్లు వచ్చింది, అంటే పిక్సెల్‌కు 0.08 మిల్లీమీటర్లు. భరిణె మూత 1200 పిక్సెళ్లు, అంటే 96 మిల్లీమీటర్లు. లెక్క సరిగ్గానే ఉంది, కానీ స్కేలు పెడితే మూత 80 మాత్రమే! ఎందుకంటే భరిణె ఎత్తు 5 సెంటీమీటర్లు. కార్డు కెమెరాకు 30 దూరంలో ఉంటే మూత 25 దూరంలోనే ఉంది. దగ్గరున్నది పెద్దదిగా పడుతుంది, 30ని 25తో భాగిస్తే వచ్చే 1.2 రెట్లు. పుస్తకాలు పేర్చి కార్డును మూత ఎత్తుకు లేపితే ఈ తేడా పోతుంది. అది కుదరకపోతే మీటరున్నర దూరం జరిగి జూమ్ చేసినా తప్పు మూడు శాతానికి పడిపోతుంది. అమ్మేవాళ్లు ఇదేమీ పట్టించుకోరు, వస్తువు పెద్దదిగా కనబడితే వాళ్లకేం నష్టం?

రెండో తప్పు ఫోను వాలడం. కార్డు పొడవు వెడల్పుకు 1.586 రెట్లుండాలి. 1070 పిక్సెళ్ల పొడవుకు 675 వెడల్పు రావాలి. 600 వచ్చిందంటే కెమెరా ఒక పక్కకు సుమారు 27 డిగ్రీలు వాలినట్టు. బిళ్ళతో ఇది ఇంకా తేలిక, గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి సాగి కంటికే తెలిసిపోతుంది. ఎటు వాలినా దాని అతి పొడవైన అడ్డుకొలత దాదాపు అసలు కొలతే చూపిస్తుంది. కార్డుకు ఈ సుగుణం లేదు. కాకపోతే బిళ్ళ చిన్నది. దాని మీద ఒక్క మిల్లీమీటరు పొరపడితే మీటరు పొడవు వస్తువుకు వచ్చేసరికి ఆ పొరపాటు నాలుగైదు సెంటీమీటర్లవుతుంది.

కార్డు, బిళ్ళ సుగుణాలు రెంటినీ కలిపినవాళ్లు అమెరికా నేర పరిశోధకులు. పంటిగాట్ల ఫొటోల కోసం విలియం హైజర్, థామస్ క్రాస్ తయారు చేసిన ఎల్ ఆకారపు స్కేలు గురించి 1988లో పత్రికలో వచ్చింది. మిల్లీమీటర్ల గీతల పక్కనే వాళ్లు గుండ్రటి వృత్తాలు అచ్చు వేయించారు. వృత్తం సాగితే ఫొటో వాలినట్టే. పంటిగాటును బట్టి దోషిని పట్టే విద్య మీద తర్వాత శాస్త్రవేత్తలకు నమ్మకం సడలింది. ఆ స్కేలును మాత్రం గాయాల పక్కనా, పాదముద్రల పక్కనా పెట్టి ఇప్పటికీ ఫొటోలు తీస్తూనే ఉన్నారు.