షుగర్ ఎవరికి? చాట్‌బాట్ రాసుకునే ప్రొఫైల్‌లో ఒక చిక్కు

కొన్ని చాట్‌బాట్‌లలో మాటలు ముగిశాక ఒక భాషా నమూనా ఆ సంభాషణను చదివి, యూజర్ గురించి పనికొచ్చే వివరాలను చిన్న రికార్డుగా రాసిపెడుతుంది. ఆ తర్వాత యూజర్ ఏం అడిగినా చాట్‌బాట్ ముందుగా ఆ రికార్డును చదువుతుంది. 2023లో వచ్చిన మెమ్‌జీపీటీ పరిశోధనలోనూ యూజర్ వివరాలకు ఇలా ఎప్పుడూ కళ్లెదుట ఉండే చోటు ఒకటి కేటాయించారు. అవసరమైనప్పుడే వెతికి తెచ్చుకునే పద్ధతిలో తప్పు వివరం ఎప్పుడో ఒకసారి పైకి తేలుతుంది. ఇక్కడ మాత్రం ప్రతి జవాబు మీదా దాని ప్రభావం పడే వీలుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. మార్చి 4న ఒకామె ఇలా అడిగిందనుకోండి: “అమ్మకి రాత్రి టిఫిన్ ఏం చేయను? షుగర్ ఉంది, అన్నం మానేయమన్నారు.” రెండో వాక్యంలో షుగర్ ఎవరికో చెప్పలేదు. తెలుగులో చెప్పనక్కర్లేదు, వినేవాళ్లకు తెలిసిపోతుంది. కానీ ఆ వాక్యాన్ని విడిగా తీసుకునే నమూనా `"health": "diabetes"` అని యూజర్ పేరునే రాసేయవచ్చు. అదే జరిగితే, వారం తర్వాత ఆమె తన లంచ్ బాక్స్‌కి పులిహోర ఎలా చేయాలని అడిగినా అన్నం వద్దనే సలహా రావచ్చు. అలా ఎందుకన్నదో ఆమెకు అర్థం కాదు.

దీనికి నాకు నమ్మకంగా తోచే మార్గం, ప్రతి వివరంతో పాటు అది ఎవరిదో, ఏ మాట నుంచి వచ్చిందో, ఎప్పుడు అన్నారో కూడా రాయించడం.

```json
{"who": "అమ్మ", "fact": "షుగర్ ఉంది",
 "quote": "అమ్మకి రాత్రి టిఫిన్ ఏం చేయను? షుగర్ ఉంది",
 "said_on": "2025-03-04"}
```

అసలు మాట పక్కనే ఉంటే తప్పును పట్టుకోవచ్చు, ఆమే దిద్దుకోవచ్చు.

వివరాలు పాతబడటం మరో చిక్కు. 2022లో కొరియన్ సంభాషణలపై నేవర్ పరిశోధకులు చేసిన పనిలో కొత్త వాక్యాన్ని పాత వివరంతో పోల్చి, కలపాలా, మార్చాలా, తీసేయాలా, వదిలేయాలా అని తేల్చే పద్ధతి ఉంది. జలుబు తగ్గిందని చెప్తే జలుబు వివరం పోవాలి. షుగర్ విషయంలో అంత తేలిక కాదు. “ఇప్పుడు కంట్రోల్‌లో ఉంది” అంటే తీసేయకూడదు, తేదీతో జత చేయాలి.

ఇంతకీ ప్రొఫైల్ ఒక్కటే చాలుతుందా? 2024లో వచ్చిన లాంగ్‌మెమ్ఎవల్ 500 ప్రశ్నలతో చాట్‌బాట్‌ల జ్ఞాపకశక్తిని పరీక్షిస్తుంది. అసలు సంభాషణను తీసేసి ఏరిన వివరాలనే ఉంచితే మొత్తం మీద సమాచారం పోతోందని, పలు సంభాషణలను కలిపి ఆలోచించాల్సిన చోట మాత్రం అవి మేలు చేస్తున్నాయని అందులో తేలింది. ఆ ప్రశ్నలు ఇంగ్లీషువి. కర్త కనిపించని తెలుగు వాక్యాలకు ఆ ఫలితాలను నేరుగా అన్వయించలేం.

కాబట్టి మన భాషకు విడిగా పరీక్ష పెట్టాలి. ప్రొఫైల్‌తో సంబంధం లేని ప్రశ్నలు కొన్ని, ఉన్నవి కొన్ని తీసుకుని, ప్రొఫైల్ ఇచ్చి ఒకసారి, తీసేసి ఒకసారి అడగాలి. పులిహోర జవాబు రెండుసార్లూ ఒకేలా రావాలి. అమ్మ టిఫిన్ జవాబు మాత్రం మారాలి. నమూనా ఒకే ప్రశ్నకు ఒక్కోసారి ఒక్కోలా జవాబిస్తుంది కాబట్టి, ఒక్కొక్కటీ పలుమార్లు అడిగాకే తేడాను ప్రొఫైల్ ఖాతాలో వేయాలి.