ఎస్సీ, ఎస్టీ చట్టం తీర్పు నుంచి భారత్ బంద్ దాకా: మార్చి 20 – ఏప్రిల్ 4, 2018 కాలక్రమం

ఆ రెండు వారాల వార్తల్లో ధ్రువపడిన పరిణామాలను తేదీల వారీగా ఇక్కడ చేర్చాం. కోర్టు ఉత్తర్వులు, పార్లమెంటులో ప్రకటనలు, అధికారులు నిర్ధారించిన ఘటనలనే తీసుకున్నాం. ఏప్రిల్ 4 రాత్రి వరకు ఉన్న స్థితి ఇది.

మార్చి 20: తీర్పు

మహారాష్ట్రలో ఒక ప్రభుత్వ కళాశాల ఉద్యోగి పెట్టిన కేసు నుంచి వచ్చిన అప్పీలుపై (సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసు) జస్టిస్ ఎ.కె. గోయల్, జస్టిస్ యు.యు. లలిత్ ధర్మాసనం తీర్పు చెప్పింది. 1985 కారంచేడు వంటి మారణకాండల నేపథ్యంలో వచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టం అమలులో మూడు మార్పులు చేసింది.

ఒకటి, ప్రాథమిక ఆధారాలు లేవనిపిస్తే ముందస్తు బెయిల్ ఇవ్వవచ్చు. చట్టంలోని 18వ సెక్షన్ దీన్ని నిషేధిస్తోంది. రెండు, నిందితుడు ప్రభుత్వోద్యోగి అయితే నియామకాధికారి అనుమతి, కాకపోతే జిల్లా ఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. మూడు, కేసు పెట్టేముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ జరపవచ్చు, అది ఏడు రోజులు మించరాదు.

తప్పుడు కేసుల గురించి మాట్లాడుతూ తీర్పు 2015 గణాంకాలను ఉటంకించింది. కోర్టుల్లో ముగిసిన 15,638 కేసుల్లో 11,024 కేసులు నిర్దోషులుగా తేలడంతోనో, నిందితుల విడుదలతోనో ముగిశాయి. అయితే నిర్దోషిగా తేలడం వేరు, ఫిర్యాదు అబద్ధం కావడం వేరు. సాక్షులు ఎదురుతిరిగినా, దర్యాప్తు సరిగా జరగకపోయినా కేసు వీగిపోతుంది. ఈ అంకెను వాడేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఏప్రిల్ 1: బంద్ ముందురోజు

దళిత సంఘాలు ఏప్రిల్ 2న భారత్ బంద్‌కు పిలుపునిచ్చాయి. పంజాబ్ ప్రభుత్వం మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేసింది. ఆ రాష్ట్రంలో 2న జరగాల్సిన సీబీఎస్ఈ పరీక్షలు వాయిదాపడ్డాయి.

ఏప్రిల్ 2: బంద్, రివ్యూ పిటిషన్

అదే రోజు కేంద్రం సుప్రీంకోర్టులో రివ్యూ పిటిషన్ వేసింది. మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్, భిండ్, మొరేనాల్లో, రాజస్థాన్‌లోని అల్వర్‌లో, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కాల్పులు, ఘర్షణలు, మరణాలు సంభవించాయి.

గ్వాలియర్‌లో తుపాకీ పేలుస్తున్న వ్యక్తి వీడియో వేగంగా తిరిగింది. అతడు బంద్ ఆందోళనకారుడన్న ప్రచారం తప్పని తేలింది. అతను ఆందోళనకారులకు వ్యతిరేకంగా కాల్పులు జరిపిన దళితేతరుడని స్థానికులు గుర్తించారు. వీడియో ఎక్కడిదో, తుపాకీ ఎవరివైపు గురిపెట్టి ఉందో చూడకుండా శీర్షిక పెట్టడమే ఈ పొరపాటుకు కారణం.

ఏప్రిల్ 3: కోర్టు, లోక్‌సభ, హిండౌన్

అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ అభ్యర్థనపై అదే ధర్మాసనం బహిరంగ కోర్టులో విచారణ జరిపింది. తీర్పును నిలిపివేయడానికి నిరాకరించింది. తాము చట్టానికి వ్యతిరేకం కాదని, అమాయకులు శిక్షకు గురికాకూడదన్నదే తమ ఉద్దేశమని చెప్పింది. చాలా నేరాల్లో పరిహారం తొలి విడత ఎఫ్‌ఐఆర్ దశలో అందుతుంది. ఎఫ్‌ఐఆర్ లేకున్నా బాధితులకు పరిహారం ఇవ్వవచ్చని కోర్టు స్పష్టం చేసింది. తదుపరి విచారణను 10 రోజుల తర్వాతకు పెట్టింది.

హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో 8 మంది చనిపోయారని, వారిలో ఆరుగురు మధ్యప్రదేశ్‌కు చెందినవారని చెప్పారు. మీడియాలో ఇంతకన్నా ఎక్కువ అంకెలు వచ్చాయి. ఎవరి లెక్క, ఏ రోజుది అన్నది రాయకుండా మృతుల సంఖ్యను వాడవద్దని మా సూచన.

రాజస్థాన్‌లోని కరౌలీ జిల్లా హిండౌన్‌లో ఒక దళిత ఎమ్మెల్యే ఇంటికి, ఒక దళిత మాజీ ఎమ్మెల్యే ఇంటికి గుంపు నిప్పు పెట్టింది. పట్టణంలో కర్ఫ్యూ విధించారు. ఇది బంద్ ముగిసిన మర్నాడు దళితులపై జరిగిన దాడి. దీన్ని ‘బంద్ హింస’ ఖాతాలో కలపడం సరికాదు.

ఏప్రిల్ 4: అప్పటికి ఏది అమల్లో ఉంది?

రివ్యూ పిటిషన్ వేసినంత మాత్రాన తీర్పు ఆగదు. స్టే కూడా రాలేదు. కాబట్టి 2018 ఏప్రిల్ 4 నాటికి మార్చి 20 ఆదేశాలు అమల్లోనే ఉన్నాయి. ‘చట్టం రద్దయింది’ అన్న మాట ఎంత తప్పో, ‘తీర్పు వెనక్కి పోయింది’ అన్న మాటా ఆ రోజుకు అంతే తప్పు.

ఉదాహరణకు, ఆ రాత్రి ఒక గ్రామంలో కులం పేరుతో దూషించి కొట్టారని బాధితుడు స్టేషన్‌కు వెళ్లాడనుకుందాం. అప్పటి ఆదేశాల ప్రకారం ప్రాథమిక విచారణ పేరుతో పోలీసులు ఎఫ్‌ఐఆర్‌ను ఆపగలిగేవారు, కానీ ఏడు రోజులకు మించి కాదు. అందుకే ఫిర్యాదు నకలుపై తేదీతో రసీదు తీసుకోవాల్సి ఉండేది. ఏడు రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలో చెప్పే ఆధారం అప్పట్లో అదే. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలనే విధిని విస్మరిస్తే, 4వ సెక్షన్ కింద అదీ నేరమే. ఆ సెక్షన్‌ను తీర్పు తీసేయలేదు.