ఇంటి బేకరీకి ముద్రా లోన్: ఒక్క పేజీ ప్లాన్‌లో ఏం రాయాలి?

ఇంట్లో కేకులు చేసి అమ్మేవారు ప్రధానమంత్రి ముద్రా యోజనలోని ‘శిశు’ కింద రూ.50 వేల వరకు లోన్ అడగవచ్చు. దీనికి ఆస్తి తాకట్టు అక్కర్లేదు. ప్లాన్ ఒక్క పేజీ చాలు, కానీ అందులో లెక్క నిలబడాలి.

మొదట పేరు, అడ్రస్, ఏం చేస్తారు, ఎవరు కొంటున్నారు, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ నంబర్ రాయండి. తర్వాత డబ్బు దేనికో విడివిడిగా చూపండి. ఉదాహరణకు ఓవెన్ 28 వేలు, మిక్సర్ 7 వేలు, అచ్చులు, తూకం మెషీన్ 4 వేలు, మొదటి నెల సరుకు 6 వేలు. మొత్తం 45 వేలు. ఓవెన్‌కు షాపు కొటేషన్ జత చేయండి.

ఇక అసలు భాగం నెల లెక్క. అరకిలో కేకు ధర రూ.350 అనుకుందాం. సరుకు, కరెంటు, డబ్బా కలిపి రూ.200 పోతే మిగిలేది 150. నెలకు 40 కేకులైతే 6 వేలు. 12 శాతం వడ్డీతో మూడేళ్లకు తీసుకుంటే కిస్తీ సుమారు 1,500. అంటే ప్రతి నెలా మొదటి పది కేకుల మిగులు బ్యాంకుకే.

చాలామంది రంజాన్, ఈద్ ఆర్డర్లు చూసి నెలకు 90 కేకులు అని రాసేస్తారు. అకౌంట్ స్టేట్‌మెంట్‌లో మిగతా నెలల జమ తక్కువగా కనిపిస్తే ఆ లెక్కను ఎవరూ నమ్మరు. అందుకే డల్ నెల కూడా రాయండి: 25 కేకులకు మిగులు 3,750, కిస్తీ పోను ఇంటికి 2,250. ఆ నెలలోనూ కిస్తీ వెళ్తుందని చూపగలిగితేనే అంత లోన్ అడగండి. లేదంటే చిన్న ఓవెన్‌తో మొదలుపెట్టండి.