ఇమాజినరీ

షూటింగులో "ఇమాజినరీ క్రాస్ అవుతోంది" అన్న మాట వినబడితే కెమెరా చోటు మారుతుంది. 'ఇమాజినరీ లైన్'లోంచి లైన్ రాలిపోయి విశేషణమే నామవాచకమైంది. కంటికి కనబడని గీతకు ఈ పేరే బాగా అతికిందనిపిస్తుంది నాకు.

తండ్రి ఎడమన, కూతురు కుడిన ఎదురెదురుగా కూర్చున్నారనుకోండి. ఇద్దరినీ కలిపేదే ఆ గీత. కెమెరా దానికి ఒకే పక్కన, 180 డిగ్రీల లోపలే తిరగాలి. అప్పుడు తండ్రి చూపు తెర మీద కుడికి, కూతురిది ఎడమకి ఉంటుంది. కూతురి క్లోజప్ గీత అవతలి నుంచి తీస్తే ఆమె కూడా కుడికే చూస్తుంది. ఎడిటింగ్‌లో రెండూ కలిపితే ఇద్దరూ ఎవరో మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది. లుక్ తప్పిందనేది దీన్నే. లుక్ కుదిరినా, అంతే దూరం నుంచి ఒకరికి 50 లెన్సు, మరొకరికి 85 వాడితే ముఖాల సైజు కలవదు.

గీత దాటక తప్పకపోతే షాట్ నడుస్తుండగానే కెమెరాను దాటించాలి. ప్రేక్షకుడి కళ్ల ముందే జరుగుతుంది కాబట్టి తికమక ఉండదు.