ఆలుగడ్డ పచ్చబడితే

ఆలుగడ్డ మన వంటింటికి వచ్చేసరికే సాధువైపోయింది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడ అడవిలో పెరిగే దుంప చేదు. పురుగులూ జంతువులూ తన జోలికి రాకుండా సొలనిన్, చాకొనిన్ అనే విషాలను తనలోనే తయారుచేసుకునేది. కొండరైతులు వేల ఏళ్లపాటు చేదు తక్కువున్న దుంపల్నే విత్తనానికి ఏరుకున్నారు. చేదువాటినీ పారెయ్యలేదు. రాత్రి మంచులో గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి దాచుకునేవారు. కొన్నిటిని బంకమట్టి కలిపిన నీళ్లలో అద్దుకుని తినేవారు. ఆ మట్టి విషాన్ని పట్టేసి ఒంటికి అంటనివ్వదు.

అలా చేదు తగ్గింది గానీ పోలేదు. ఇప్పటి దుంపలోనూ తొక్కలో, కళ్ల చుట్టూ, అన్నిటికన్నా ఎక్కువగా మొలకల్లో అది ఉంది. లోపలి తెల్లని కండలో మాత్రం బాగా తక్కువ. సొలనిన్‌ను మొదట విడదీసింది ఆలుగడ్డ నుంచి కాదు. దాని చుట్టమైన కామంచి పండ్ల నుంచి 1820లో డెఫోస్ అనే ఫ్రెంచి మందుల తయారీదారు తీశాడు.

మరి ఆకుపచ్చ ఎందుకు? ఆలుగడ్డ వేరు కాదు, మట్టిలో ఊరిన కాండం. వెలుతురు తగిలితే కాండం చేసే పనే చేస్తుంది, పత్రహరితం పుట్టిస్తుంది. పాలకూరలో ఉన్నదీ అదే, దానివల్ల హాని లేదు. అయితే ఆ వెలుతురే విషాన్నీ పెంచుతుంది. అందుకే పచ్చదనాన్ని విషంగా కాదు, విషం పెరిగి ఉండొచ్చనే కబురుగా చూడాలి. దెబ్బతిన్న దుంపలో చీకట్లోనూ, రంగు మారకుండానే విషం పెరగొచ్చు. 1967లో అమెరికాలో చిప్స్‌కు బాగుంటుందని లెనాపే అనే రకాన్ని విడుదల చేశారు. పైకి మామూలు దుంపే. పరీక్షిస్తే 100 గ్రాములకు 20 మిల్లీగ్రాములనే హద్దును దాటి విషం కనిపించింది. 1970లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

దక్షిణ లండన్‌లోని ఒక బడిలో 78 మంది పిల్లలు మధ్యాహ్న భోజనం తర్వాత వాంతులు, విరేచనాలు, కడుపునొప్పితో పడిపోయారు, 17 మందిని ఆసుపత్రిలో చేర్చారు. ఈ కథనం 1979లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. సెలవులకు ముందు మిగిలిన ఆలుగడ్డల బస్తానే వండారట. అందరూ కోలుకున్నారు. ఉడికిస్తే పోదా అంటే పోదు. మరిగే నీటి వేడి ఈ విషాన్ని విరగ్గొట్టలేదు, మన వేపుడు నూనె వేడీ దాదాపు అంతే. పోయేదల్లా తొక్కతోనే.

ఇప్పుడు ఒక ఫొటో చూద్దాం. చెల్లెలు రాత్రి ట్యూబులైటు కింద తీసి, "అక్కా, ఇవి వండొచ్చా?" అని పంపింది. తట్టలో నాలుగు దుంపలు. ఆ వెలుగులో అన్నీ కాస్త పచ్చగానే ఉన్నాయి. పొద్దున కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద పెట్టి, రెండువైపులా తిప్పి మళ్లీ తీయమనాలి. కాగితం తెల్లగా కనబడితేనే దుంప రంగును నమ్మొచ్చు.

పగటి ఫొటోలో మొదటిదానికి ఒకవైపు రూపాయి బిళ్లంత పచ్చ మచ్చ ఉంది. గట్టిగా ఉంటే తొక్క మందంగా తీసి, మచ్చ దగ్గర మరికొంత లోతుగా, తెల్లని కండ వచ్చేదాకా కోసెయ్యాలి. మిగతాది కూరకు పనికొస్తుంది. రెండోదానికి గోరంత మొలకలు, తొక్క బిగువుగా ఉంది. మొలకను తుంచితే చాలదు, కత్తిమొనతో కంటిని గుంటలా తవ్వి తీయాలి, తొక్కా చెక్కాలి. మూడోది ముడతలు పడి, వేలంత మొలకలు వేసింది. దాన్ని వండొద్దు. పశువుల కుడితిలోనూ వెయ్యొద్దు, వాటికీ ఇది విషమే. పెరట్లో చోటుంటే పాతుకోవచ్చు.

నాలుగోది సగానికి పైగా లేతపచ్చ. కోసిన ముక్కను ఫొటో తీయమంటే పచ్చదనం కండలోకీ దిగింది. ఇదీ చెత్తకే. ఇంట్లో చిన్నపిల్లలుంటే మొదటిదాన్నీ వాళ్ల పళ్లెంలో వెయ్యకపోవడమే నయం, తక్కువ బరువు ఒంటికి తక్కువ మోతాదే ఎక్కువవుతుంది.

గట్టిదనం, వాసన, చేదు ఫొటోలో పడవు. ఆ మూడూ చెల్లెలే చూసి చెప్పాలి. నొక్కితే మెత్తగా దిగినా, కుళ్లు వాసన వచ్చినా ఫొటోలో ఎంత బాగున్నా పారెయ్యాలి. వండాక ముద్ద చేదుగా ఉన్నా, నాలుక చురుక్కుమన్నా ఉమ్మేసి, కూర మొత్తం పక్కన పెట్టాలి. ఉప్పూకారం వేసి చేదును కప్పేసే తెలివి ఇక్కడ పనికిరాదు.